గుండ్రటి మ్యాట్ అంచు కుచ్చిళ్ళు పోతోంది: డబుల్‌కి రౌండుకి 12 పెంచడం అందరి చేతికీ సరిపోతుందా?

లత, కడప

అందరికీ నమస్కారం. కాటన్ దారంతో టీపాయ్ మీదకి గుండ్రటి మ్యాట్ అల్లుతున్నాను. పూర్తయ్యేసరికి అడ్డంగా 60 సెంటీమీటర్లు రావాలి. హుక్ 3.5, అన్నీ డబుల్ క్రోషె కుట్లే. మ్యాజిక్ రింగులో 12 డబుల్స్‌తో మొదలుపెట్టి, ప్రతి రౌండుకీ 12 చొప్పున పెంచుకుంటూ వచ్చాను. ఏ వీడియోలో చూసినా డబుల్‌కి 12 అనే చెబుతారు కదా.

ఎనిమిదో రౌండు దాకా నేల మీద పరిస్తే చక్కగా పడుకుంది. పది దాటాక అంచు కొంచెం లేచినట్టు అనిపించింది. ఇప్పుడు 14 రౌండ్లు అయ్యాయి. ఒక పక్క అరచేత్తో నొక్కితే ఇంకో పక్క లేస్తోంది. పాటర్న్‌లో ఉన్నది ఉన్నట్టే వేస్తున్నాను. మరి ఎందుకిలా అవుతోంది? మొత్తం విప్పాలా? ఇంకా 19 రౌండ్ల దాకా మిగిలి ఉంది కాబట్టి ఇప్పుడే తేల్చుకుందామని అడుగుతున్నాను.

పద్మ, పత్తికొండ

లతా, కంగారు పడొద్దు. కాటన్ కాబట్టి తడిపి, పిన్నులు గుచ్చి ఆరబెడితే సాపు అవుతుంది. మా అత్తగారిది నరసాపురం వైపు. చిన్న చిన్న లేసు మ్యాట్లకు పల్చటి గంజి పెట్టి, బల్ల మీద పరిచి ఆరబెట్టేవారు. ఒక్క ముడత కూడా కనిపించేది కాదు. కావాలంటే ఇక్కడి నుంచి హుక్ ఒక సైజు పెంచి 4 పట్టుకో. కుట్లు వదులవుతాయి, అంచు కిందికి దిగుతుంది.

భాను, తాడిపత్రి

పద్మక్కా, హుక్ పెంచితే కుచ్చిళ్ళు ఇంకా ఎక్కువవుతాయేమో. అంచు పొడవు ఎక్కువైతేనే కదా మడతలు పడేది! పెద్ద హుక్‌తో వేస్తే కుట్టు వెడల్పు కూడా పెరుగుతుంది. అంచు దొప్పలా పైకి లేస్తుంటే పెద్ద హుక్ పనికొస్తుంది, ఇక్కడ మాత్రం కాదనుకుంటున్నాను.

నాకు అనుమానం జాయింట్ దగ్గరే. లతా, రౌండు మొదట్లో వేసే మూడు చైన్లను ఒక కుట్టుగా లెక్కపెడుతున్నావా లేదా? చైన్లను కుట్టుగా లెక్కపెట్టి, చివర్లో స్లిప్ స్టిచ్ వేసిన చోట కూడా ఒక డబుల్ వేశావంటే ప్రతి రౌండుకీ ఒక కుట్టు దొంగతనంగా చేరిపోతుంది. నాలుగైదు రౌండ్ల దాకా కనిపించదు, తర్వాత అంచు మడతలు పడుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్ళు తెచ్చే వాటిలో సగం ఇదే.

లత, కడప

భానూ, చైన్లను కుట్టుగానే లెక్కపెడుతున్నాను. ఆ అనుమానం నాకూ వచ్చింది. పన్నెండేసి కుట్లకి ఒక రంగు దారం ముక్క కట్టి పద్నాలుగో రౌండు మొత్తం లెక్కపెట్టాను. సరిగ్గా 168 ఉన్నాయి.

సులోచనమ్మ, అనంతపురం

లెక్కపెట్టి మంచి పని చేశావమ్మా. ఇలాంటప్పుడు మొదట చేయాల్సింది అదే. 12తో భాగిస్తే శేషం లేకుండా పోయింది, 14 రౌండ్లకు 168 సరిపోయింది. అంటే జాయింట్ దగ్గర తప్పు లేదు, మధ్యలో కుట్టు జారిపోలేదు. 171, 175 లాంటి అంకె వచ్చి ఉంటే భాను చెప్పిన కారణమే వెతకాలి. ఇప్పుడు ఆ దారి మూసేయొచ్చు. మిగిలింది నీ కుట్టు కొలత.

12 అనేది ఎక్కడి నుంచి వచ్చిందో ఒక్కసారి ఆలోచించు. ఒక రౌండు వేసిన ప్రతిసారీ వృత్తం అంచు కుట్టు ఎత్తు మేర బయటికి జరుగుతుంది. అంచు అంత జరిగితే చుట్టుకొలత దానికి 6.28 రెట్లు పెరగాలి. వృత్తం చిన్నదైనా పెద్దదైనా ఆ పెరుగుదల ఒక్కటే. అందుకే మూడో రౌండులోనూ ముప్పయ్యో రౌండులోనూ అన్నే కుట్లు పెంచుతాం. ఇక ఆ పెరిగిన పొడవులో ఎన్ని కుట్లు పడతాయన్నది కుట్టు వెడల్పును బట్టి ఉంటుంది. కుట్టు ఎత్తు వెడల్పుకి ఎన్ని రెట్లో చూసి, దాన్ని 6.28తో హెచ్చవేస్తే నీ చేతికి కావాల్సిన సంఖ్య వస్తుంది. సింగిల్‌కి ఎత్తు, వెడల్పు దాదాపు సమానం కాబట్టి ఆరు అంటారు. డబుల్ ఎత్తు వెడల్పుకి ఇంచుమించు రెండింతలు అనుకుని 12 అంటారు. ఆ "ఇంచుమించు" దగ్గరే తేడా వస్తుంది. అందరి డబుల్ రెండింతలు ఉండదు.

నాకు రెండు కొలతలు కావాలి. లోపల సాపుగా ఉన్న ఆరో రౌండు మీద టేపు పెట్టి పది కుట్ల తలలు ఎంత పొడవున్నాయో చూడు. సాగదీయకు. రెండు చోట్ల చూడు. తర్వాత మధ్య నుంచి అంచు దాకా ఒకే గీత మీద, టేపు అల్లిక మీదే ఆనేటట్టు కొలువు. మడత మీదుగా గాల్లో పట్టి కొలిస్తే తక్కువ వస్తుంది.

రఫీ, కర్నూలు

మధ్యలో దూరినందుకు ఏమనుకోకండి. నేను నమాజు టోపీలు అల్లుతాను, అన్నీ సింగిల్ కుట్టే. నాకు అంచు పైకి లేవాలి కదా, మరి పెంచడం ఎప్పుడు ఆపాలో అంచనా తప్పుతోంది. ఒక్కోసారి టోపీ తలకి వదులవుతోంది, ఒక్కోసారి నెత్తి మీద నిలబడుతోంది. సులోచనమ్మగారు చెప్పిన లెక్క దీనికి పనికొస్తుందా?

సులోచనమ్మ, అనంతపురం

పనికొస్తుంది రఫీ. పైనున్న బిళ్ళ చుట్టుకొలతే టోపీ చుట్టుకొలత అవుతుంది. తల 54 సెంటీమీటర్లనుకో. టోపీ కాస్త పట్టి ఉండాలి, అల్లిక కొంచెం సాగుతుంది కాబట్టి 51 పట్టుకో. దాన్ని 3.14తో భాగిస్తే 16 చిల్లర. బిళ్ళ అడ్డంగా 16 సెంటీమీటర్లకు రాగానే పెంచడం ఆపేయి. ఆ తర్వాత కుట్టుకి కుట్టు వేసుకుంటూ పోతే గోడ నిలువుగా లేస్తుంది. రౌండ్లు లెక్కపెట్టి ఆపొద్దు, టేపుతో కొలిచి ఆపు. దారం మారితే రౌండ్ల సంఖ్య మారిపోతుంది.

రఫీ, కర్నూలు

రౌండ్లు లెక్కపెట్టే ఆపుతున్నాను, అక్కడే వస్తోంది తేడా. ఈసారి టేపుతోనే కొలుస్తాను. థాంక్సమ్మా.

లత, కడప

కొలిచాను సులోచనమ్మగారూ. ఆరో రౌండులో పది కుట్లు ఒకచోట 5 సెంటీమీటర్లు, ఇంకోచోట 5కి ఒక నూలుపోగు తక్కువ. మధ్య నుంచి అంచు దాకా 12.6 వచ్చింది.

సులోచనమ్మ, అనంతపురం

సరే, ఇప్పుడు లెక్క చూద్దాం. పది కుట్లు 5 అంటే ఒక కుట్టు వెడల్పు అర సెంటీమీటరు. 14 రౌండ్లకు 12.6 అంటే ఒక రౌండు ఎత్తు 0.9. ఎత్తు వెడల్పుకి 1.8 రెట్లు. 6.28 పెట్టి హెచ్చవేస్తే 11.3. అంటే నీ చేతికి రౌండుకి 11 చిల్లర కావాలి, నువ్వు 12 వేస్తున్నావు. రౌండుకి 0.7 కుట్టు ఎక్కువవుతోందన్నమాట.

ఇంకోలా సరిచూసుకుందాం. 12.6 వ్యాసార్థం ఉన్న వృత్తం సాపుగా పడుకోవాలంటే అంచు 79 సెంటీమీటర్లు ఉంటే చాలు, అంటే 158 కుట్లు. నీ దగ్గర 168 ఉన్నాయి, అంటే 84 సెంటీమీటర్లు. ఆ మిగిలిన 5 సెంటీమీటర్లు ఎక్కడికి పోతాయి? పైకీ కిందికీ వంగుతాయి. నీ కుచ్చిళ్ళు అవే.

ఎనిమిది దాకా బాగానే ఉంది కదా అంటావేమో. అప్పుడూ అదే నిష్పత్తిలో ఎక్కువుంది. కానీ ఐదో రౌండు దగ్గర మిగులు మూడున్నర కుట్లే, రెండు సెంటీమీటర్లు కూడా లేదు. ఆ కాస్తా దారం వదులులో ఇమిడిపోతుంది. వృత్తం పెద్దదయ్యేకొద్దీ ఆ మిగులుకి వంగడానికి చోటు దొరుకుతుంది. అందుకే ఈ తప్పు మొదట్లో కంటికి కనపడదు. కంటిని నమ్ముకోకుండా ఐదారు రౌండ్లయ్యాక ఒకసారి టేపు పెట్టడం మంచిది.

పద్మ, పత్తికొండ

5 సెంటీమీటర్లే కదండీ, పిన్నులు గుచ్చి ఆరబెడితే పోదా? నేను ఎన్నో మ్యాట్లు అలాగే సరిచేశాను.

సులోచనమ్మ, అనంతపురం

ఇప్పుడున్న సైజుకైతే చాలా వరకు పోవచ్చు పద్మా, కాటన్ తడిపితే మాట వింటుంది. కానీ ఆమె ఇక్కడ ఆపడం లేదు, 33 రౌండ్ల దాకా పోవాలి. అక్కడ 12 చొప్పున 396 కుట్లు అవుతాయి, కావాల్సినవి 373. మిగులు 23 కుట్లు, అంటే పదకొండు సెంటీమీటర్ల పైనే. అంత అంచును నొక్కి ఆరబెట్టినా, మొదటిసారి ఉతకగానే మళ్ళీ లేస్తుంది. గంజి పెట్టినా అంతే, నీళ్ళు తగలగానే పోతుంది. మీ అత్తగారు గంజి పెట్టినవి చిన్న లేసు మ్యాట్లు, సన్న దారం, లెక్క సరిగ్గా ఉన్నవి. గంజి వాటికి బిరుసునిచ్చింది తప్ప వాటి లెక్క సరిచేయలేదు.

హుక్ సంగతిలో భాను చెప్పిందే సరి. పెద్ద హుక్ పడితే ఎత్తు, వెడల్పు రెండూ దాదాపు ఒకే పాళ్ళలో పెరుగుతాయి. నిష్పత్తి పెద్దగా మారదు కాబట్టి కావాల్సిన సంఖ్య కూడా మారదు. ఉన్నపళంగా అంచు దగ్గర మారిస్తే మాత్రం అంచు ఇంకా పొడుగై కుచ్చిళ్ళు పెరుగుతాయి.

ఈరమ్మ, ఆదోని

నాది సరిగ్గా దీనికి వ్యతిరేకం. మా అమ్మ దాచుకున్న పాత పుస్తకం చూసి వేస్తున్నాను. "డబుల్ క్రోషె, రౌండుకి ఆరు పెంచాలి" అని స్పష్టంగా ఉంది. మూడో రౌండుకే చిప్పలా లేచి కూర్చుంది. దారం ఒకసారి చుట్టి వేసే డబుల్‌నే వేస్తున్నాను. నాకూ కొలవాలా?

సులోచనమ్మ, అనంతపురం

నీకు కొలవక్కర్లేదు ఈరమ్మా. మూడో రౌండుకే లేచిందంటే చిల్లర తేడా కాదు, సగానికి సగం తక్కువ పెంచుతున్నావు. అది బ్రిటిష్ పద్ధతి పుస్తకం అయి ఉంటుంది. వాళ్ళు డబుల్ అనేది మనం ఇప్పుడు వీడియోల్లో సింగిల్ అనుకునే పొట్టి కుట్టు, దానికి ఆరు సరే. పుస్తకం బొమ్మలో కుట్టు వేసేముందు హుక్ మీద దారం చుట్టకుండా ఉంటే అదే. పొట్టి కుట్టు వేస్తే ఆరుతో పో, పొడుగు కుట్టు వేస్తే పన్నెండుకి దగ్గరగా పెంచు. ఆ పుస్తకంలో ట్రెబుల్ అని కనపడినప్పుడు నీకు తెలిసిన డబుల్ వేయాలి.

ఈరమ్మ, ఆదోని

బొమ్మలో దారం చుట్టలేదు, చూశాను. పొట్టి కుట్టుతోనే మళ్ళీ మొదలుపెడతాను.

శైలజ, ప్రొద్దుటూరు

నాదీ ఇదే సమస్య అనుకుంటున్నాను. సింగిల్ కుట్టుతో ఆరు చొప్పున పెంచుతున్నాను. వృత్తం బదులు ఆరు మూలలు వచ్చేశాయి. పెంచింది ఎక్కువైనట్టా?

భాను, తాడిపత్రి

శైలూ, నీది వేరే. నేల మీద సాపుగా పడుకుంటోందా లేదా? పడుకుంటుంటే నీ సంఖ్య సరిగ్గానే ఉంది. పెంచే కుట్టు ప్రతి రౌండులోనూ కింది రౌండు పెంపు మీదే పడుతుంటే ఆ చోట్ల మూలలు వస్తాయి. ఒక రౌండు వదిలి ఒక రౌండులో పెంపు చోటు జరుపు. ఎనిమిదో రౌండులో ఆరు కుట్లు వేసి ఏడో దాంట్లో రెండు వేయాలి కదా, దానికి బదులు మొదట మూడు వేసి పెంచి, ఆ తర్వాత ఆరేసి వేసి పెంచుకుంటూ పో. చివర్లో మూడు మిగులుతాయి. మొత్తం సంఖ్య మారదు, మూలలు కనపడవు.

శైలజ, ప్రొద్దుటూరు

సాపుగానే పడుకుంది అక్కా. మూలలే నచ్చడం లేదు. చేసి చూస్తాను.

లత, కడప

సులోచనమ్మగారూ, మరి నేను మొదటి నుంచి విప్పి 11తో వేయాలా? విప్పడానికి నాకేమీ బాధ లేదు. కానీ ఈ దారం రెండుమూడుసార్లు విప్పితే నూగు లేస్తోంది.

సులోచనమ్మ, అనంతపురం

మొత్తం విప్పొద్దు. నీ మిగులు రౌండుకి 0.7 కుట్టు. పెంచకుండా ఒక రౌండు వేస్తే 12 కుట్లు ఒక్కసారే తగ్గినట్టు అవుతుంది. పన్నెండుని 0.7తో భాగిస్తే పదిహేడు. అంటే 17 రౌండ్లకు ఒక్కసారి పెంపు లేని రౌండు పడితే నీ లెక్క సరిపోతుంది.

ఎక్కడ వేయాలో చూద్దాం. 13, 14 రౌండ్లు విప్పు. పన్నెండో రౌండు దగ్గర 144 కుట్లున్నాయి, కావాల్సింది 136. ఎనిమిది ఎక్కువ. పదమూడో రౌండు పెంపు లేకుండా కుట్టుకి కుట్టు వేయి. అప్పుడూ 144 ఉంటాయి, కానీ కావాల్సినవి 147 అయ్యాయి. అంటే మూడు కుట్లు తక్కువలోకి దిగావు. తర్వాత మళ్ళీ 12 చొప్పున పెంచుతూ పో. పాటర్న్‌లో పదమూడో రౌండుకి రాసింది నువ్వు పద్నాలుగో రౌండులో వేస్తావు, అంటే 11 కుట్లు ఒక్కొక్కటి, పన్నెండో దాంట్లో రెండు. అక్కడ 156 రావాలి. ఒక్క రౌండు వెనక జరిగినట్టు తప్ప మిగతాదంతా పాటర్న్ ప్రకారమే.

పదిహేడు, పద్దెనిమిది రౌండ్లకు లోటు పూడుతుంది, ఆ తర్వాత మళ్ళీ మిగులు మొదలవుతుంది. ఇరవై ఆరో రౌండు మళ్ళీ పెంపు లేకుండా వేయి. 33 దగ్గర నీకు 372 కుట్లు ఉంటాయి, కావాల్సినవి 373. ఇంతకన్నా దగ్గరగా ఎవరూ రాలేరు.

ఒక్క మాట. విప్పాక పన్నెండు రౌండ్ల ముక్క నీళ్ళలో తడిపి, పిండి, పరిచి ఆరనివ్వు. తడి పూర్తిగా పోయాక కొలువు. ఆ ఎనిమిది కుట్ల మిగులు వల్ల లోపల ఎక్కడైనా మడత గట్టిగా నిలిచిపోయి కనపడితే, ఇంకో రెండు రౌండ్లు వెనక్కి పోయి పెంపు లేని రౌండు పదకొండో దాంట్లో పెట్టుకో.

పద్మ, పత్తికొండ

ఇంత లెక్క దేనికి? మొదటి ఉచ్చు కొంచెం పైకి లాగి వేస్తే డబుల్ పొడుగవుతుంది, అప్పుడు 12 సరిపోతుంది కదా. నేను అలాగే వేస్తాను. నా మ్యాట్లకు 12తో ఎప్పుడూ మడత రాలేదు.

సులోచనమ్మ, అనంతపురం

అందులో నిజముంది పద్మా. హుక్ కుట్టులోకి దించి దారం లాగాక ఆ మొదటి ఉచ్చు ఎంత ఎత్తు లేపుతామన్నదే డబుల్ ఎత్తుని తేలుస్తుంది. లత ఆ ఉచ్చుని కిందికే పట్టి ఉంచే మనిషి అనుకుంటా, అందుకే 1.8. నువ్వు లేపుతావు కాబట్టి నీకు 1.9 దాకా వస్తుంది, అప్పుడు 11.9 అవుతుంది, 12 నప్పుతుంది. ఇంకా ఎక్కువ లేపేవాళ్ళకు 12తో అంచు పైకి లేస్తుంది, వాళ్ళు 13 పెంచాలి.

కానీ ఏళ్ళ తరబడి పట్టిన చెయ్యి ఉన్నపళంగా మారదు. ఒక రౌండు లేపి, ఇంకో రౌండు మరిచిపోతే అల్లిక మీద చారలు కనపడతాయి. చెయ్యిని పాటర్న్‌కి దింపే కన్నా సంఖ్యను చెయ్యికి తగ్గట్టు మార్చుకోవడం తేలిక. కొత్తగా మొదలుపెట్టేటప్పుడైతే కావాల్సినంత సేపు ముక్క వేసి అలవాటు చేసుకోవచ్చు.

భాను, తాడిపత్రి

నేనైతే కొత్త మ్యాట్ మొదటి నుంచే 11తో వేస్తాను. రింగులో 11, ప్రతి రౌండుకీ 11. లతకి 11.3 కావాలి, 11 వేస్తే 33 రౌండ్లకు పది కుట్లు తక్కువవుతాయి. అంచు కాస్త బిగుతుగా ఉంటుంది, తడిపి లాగితే సాపవుతుంది. కాటన్‌ని సాగదీయడం తేలిక, పోగైన అంచుని కుదించడం కుదరదు. పెంపు లేని రౌండు మధ్యలో పడితే కుట్లు ఆ వరసలో కొంచెం లోపలికి లాగినట్టు కనిపిస్తాయని నాకు అనిపిస్తుంది.

సులోచనమ్మ, అనంతపురం

ఒకే రంగు మ్యాట్‌లో ఆ తేడా నాకు ఎప్పుడూ కనపడలేదు భానూ. రంగులు మారుస్తుంటే, రంగు మారే రౌండులో పెట్టుకుంటే అసలు తెలియదు. కానీ కొత్తది మొదలుపెట్టేటప్పుడు 11తో పోవడం బాగానే ఉంటుంది, నేను కాదనను. ఈమె చేతిలో పన్నెండు రౌండ్లు అయిపోయిన ముక్క ఉంది కాబట్టి ఆ దారి చెప్పాను.

భాను, తాడిపత్రి

ఇంకో సందేహం అమ్మా. వెడల్పు ఆరో రౌండు మీద కొలవమన్నారు. అక్కడ మిగులు కుట్లు ఒకదానికొకటి ఒత్తుకుని ఉంటే వెడల్పు తక్కువ చూపిస్తుంది కదా. అదే దారంతో, అదే హుక్‌తో చతురస్రం ముక్క వేసి కొలిస్తే నిజమైన వెడల్పు వస్తుంది కదా?

సులోచనమ్మ, అనంతపురం

ఒత్తుకునే మాట నిజమే. కానీ చతురస్రం ముక్కలో వరస వరసకీ తిప్పి వేస్తాం, గుండ్రంగా అల్లేటప్పుడు తిప్పం. నా చేతికైతే తిప్పి వేసినప్పుడు ఎత్తు కొంచెం మారుతుంది. అందుకే మ్యాట్ మీదే కొలుస్తాను. నువ్వు ముక్క వేసి కొలిచే అలవాటుంటే అలాగే కొలువు, కానీ ఆ తర్వాత మ్యాట్ మీద సరిచూసుకో.

లత, కడప

విప్పి, తడిపి, మేడ మీద పరిచాను. ఈ ఎండకి మధ్యాహ్నానికల్లా ఎండిపోయింది. పన్నెండు రౌండ్ల ముక్క సాపుగానే పడుకుంది, లోపల మడతేమీ లేదు. పదమూడు పెంపు లేకుండా వేశాను. పద్నాలుగు దగ్గర 156 వచ్చాయి. ఇప్పుడు 20 దాకా అయ్యాయి, 228 కుట్లు. నేల మీద బాగా పడుకుంది, కానీ ఒకచోట అంచు కింద వేలు దూరుతోంది. మధ్య నుంచి అంచు దాకా కొలిస్తే 17.8 వచ్చింది. 18 రావాలి కదా?

సులోచనమ్మ, అనంతపురం

అవును, 18 రావాలి. అంటే రౌండు ఎత్తు సగటున 0.9 నుంచి 0.89కి దిగింది, బయటి రౌండ్లలో నీ చెయ్యి కాస్త బిగిసింది. 17.8కి అంచు 112 సెంటీమీటర్లు చాలు, నీ దగ్గర 114 ఉన్నాయి. ఆ రెండు సెంటీమీటర్లే నీ వేలు దూరుతున్న చోటు. దీనికి విప్పక్కర్లేదు.

రెండో పెంపు లేని రౌండుని 26 దాకా ఆపకుండా 24కి జరుపు. 23 దగ్గర ఏడు కుట్లు ఎక్కువుంటాయి, 24 దగ్గర నాలుగు తక్కువకి వస్తావు. అక్కడి నుంచి చివరి దాకా 12 చొప్పున పోవచ్చు. 60 సెంటీమీటర్లు కావాలంటే ఇప్పుడు 33 సరిపోదు, 34 వేయాల్సి వస్తుంది.

పద్మ, పత్తికొండ

ఎండాకాలం చెయ్యి చెమటపడితే దారం హుక్ మీద జారదు, ఉచ్చు పైకి లేవదు. అందుకే ఎత్తు తగ్గి ఉంటుంది. నాకు మధ్యాహ్నం వేసినవి, రాత్రి వేసినవి పక్కపక్కన పెడితే తేడా తెలుస్తుంది.

సులోచనమ్మ, అనంతపురం

కావచ్చు పద్మా. మ్యాట్ బరువెక్కేకొద్దీ ఒళ్ళో నుంచి కిందికి లాగుతూ ఉండటం వల్ల చెయ్యి బిగించి పట్టడం కూడా కావచ్చు. ఏది కారణమో కొలత చెప్పదు. లతా, మ్యాట్‌ని బల్ల మీద ఆనించి వేసి చూడు. 24 అయ్యాక ఇంకోసారి మధ్య నుంచి అంచు దాకా కొలిచి ఇక్కడ పెట్టు. 21.4 దగ్గర వస్తే ఎత్తు నిలబడినట్టే.

లత, కడప

అలాగేనండీ. 24 పెంపు లేకుండా, బల్ల మీద పెట్టి వేస్తాను. ఇంకొక్క దారం ఉండ తెప్పించుకోవాలి, 34 రౌండ్లకు చాలదు. అదే లాట్ దొరక్కపోతే, దారం మందం కొంచెం మారినా ఇదే లెక్కతో పోవచ్చా?

భాను, తాడిపత్రి

మందం మారితే ఎత్తు, వెడల్పు రెండూ మారతాయి కాబట్టి రౌండుకి పెంచే సంఖ్య ఇంచుమించు అదే ఉంటుంది. కానీ కొత్త కుట్టు వెడల్పు ఎక్కువైతే, ఉన్న కుట్ల సంఖ్యే ఆ రౌండు నుంచి అంచుని పొడుగు చేస్తుంది. కొత్త ఉండతో మొదటి రౌండు వేశాక పది కుట్లు కొలిచి చూడు. 5 సెంటీమీటర్లకు పైన వస్తే, ఆ రౌండు విప్పి పావు మిల్లీమీటరు చిన్న హుక్‌తో వేసుకో.